శిష్యురాలి సిద్ధాంత వ్యాసాన్ని డిపార్ట్‌మెంట్ బహుమతికి సిఫారసు చేస్తూ లేఖ రాయడం ఎలా?

ఉత్తమ లఘు సిద్ధాంత వ్యాసానికి బహుమతి ఇవ్వడానికి కమిటీ కూర్చున్నప్పుడు బల్ల మీద నాలుగైదు బైండు పుస్తకాలు, వాటితో పాటు గైడ్‌ల లేఖలు ఉంటాయి. పుస్తకాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివే తీరిక అందరికీ ఉండదు కానీ లేఖలు మాత్రం అందరూ చదువుతారు. అందుకే కమిటీ సభ్యులు ఏ పేజీ తెరవాలో, అక్కడ ఏం చూడాలో మీ లేఖే చెప్పాలి. ‘లోతైన పరిశీలన’, ‘చక్కని విశ్లేషణ’ అన్న మాటలు ప్రతి లేఖలోనూ ఉంటాయి కాబట్టి వాటిని చూసి ఏ వ్యాసం మెరుగైనదో తేల్చలేరు.

నెల్లూరులో ఎం.ఏ. తెలుగు విద్యార్థిని ఒకామె విరాటపర్వంలో సైరంధ్రి మాటల మీద వ్యాసం రాసిందనుకుందాం. ఆమె గైడ్‌గా మీరు లేఖ రాయాలి.

ముందు వ్యాసాన్ని మళ్లీ చదవండి

వైవా నాటి జ్ఞాపకంతో లేఖ మొదలుపెట్టవద్దు. పెన్సిల్ పట్టుకుని కూర్చుని, ‘ఈ మాట ఈ అమ్మాయి తప్ప ఇంకెవరూ అనలేదు’ అనిపించిన చోటల్లా గీత పెట్టండి. కథా సంగ్రహం, కవి జీవితం, పూర్వ పరిశోధనల సమీక్ష ఎంత శుభ్రంగా ఉన్నా గీత పెట్టవద్దు. అవి శ్రమకు గుర్తులే గానీ విశ్లేషణ బలానికి కావు. చివరికి మిగిలిన గీతల్లోంచి రెండింటిని ఎంచుకోండి. మూడోది కూడా రాయాలనిపిస్తుంది, కానీ ఒకటిన్నర పేజీ లేఖలో మూడింటిని ఇరికిస్తే మూడూ పలచబడతాయి.

మన ప్రాంతంలో ఒక చిక్కు కూడా ఉంది. తిక్కన మనుమసిద్ధి కాలపు నెల్లూరు కవి, ఎఱ్ఱన అద్దంకి రెడ్డిరాజుల కాలపువాడు. దాంతో ‘మన కవి మీద మన పిల్ల చేసిన పని’ అన్న వాక్యం కలం నుంచి దానంతటదే జారుతుంది. ఆ అభిమానం నాకూ ఉంది. అయినా లేఖలో దానికి చోటు లేదు. కవి గొప్పతనం కవిదే, బహుమతి ఇచ్చేది మాత్రం వ్యాసానికి.

ఒక బలాన్ని పూర్తిగా చూపించండి

లేఖలో సగం బరువు మోసేది ఈ భాగమే. అందరికీ కనిపించేది ఏమిటి, విద్యార్థిని ఏం గమనించింది, ఆధారం ఏ అక్షరాల్లో ఉంది, దాంతో ఆమె ఎక్కడికి చేరింది అన్న నాలుగూ ఒకదాని వెంట ఒకటి రావాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘కీచకుడితో సైరంధ్రి పలికే “దుర్వారోద్యమ” పద్యంలోని ఉగ్రత గురించి అందరూ చెబుతారు. ఆ ఉగ్రత ఎలా నిర్మాణమైందో ఈ వ్యాసం చూపిస్తుంది. ఈ శార్దూలంలో ప్రాస “ర్వ”. నాలుగు పాదాల్లోనూ అది దుర్వార, గర్వ, గీర్వాణ, గంధర్వ అన్న మాటల మీద పడుతుంది. మొదటి పాదం వినగానే ఆ పరాక్రమం భర్తలదే అనిపిస్తుంది. సమాసం విప్పి చూస్తే అది శత్రువీరులది. వారించరాని బాహుబలంతో గర్వించి కళ్లు మూసుకుపోయిన వీరులు వాళ్లు. అటువంటి వారిని మథించే విద్యలో ఆరితేరినవారు తన పతులు అంటుంది సైరంధ్రి. అంటే మొదటి రెండు ప్రాసపదాలు శత్రువు వైపు, చివరి రెండూ భర్తల వైపు ఉన్నాయి. పద్యంలో ఆఖరి మాటగా “కీచకా” అన్న పిలుపు వచ్చేసరికి, అతడి చోటు ఆ గర్వాంధుల మధ్యే ఖాయమైపోయిందన్నది ఈమె వాదన (రెండో అధ్యాయం, 31వ పేజీ).’

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేకపోయినా, ఛందస్సు తెలిసిన సభ్యుడు పద్యం గుర్తు తెచ్చుకుని తనంతట తానే సరిచూసుకోగలడు. పేజీ సంఖ్య తప్పకుండా వేయండి. బైండు కాపీ చూసే వేయండి, ఎందుకంటే టైపు ప్రతికీ బైండు కాపీకీ పేజీలు మారిపోతుంటాయి.

ఈ దశలోనే ఇంకో పరీక్ష ఉంది. మీరు రాసిన పేరా వ్యాసంలో నిజంగా ఉందా, లేక మీరే మెరుగులు దిద్దారా? గైడ్‌కు విషయం బాగా తెలిసి ఉంటుంది కాబట్టి, విద్యార్థిని సగం చెప్పినదాన్ని లేఖలో పూర్తి చేసేస్తాడు. సభ్యులు పేజీ తెరిచి అంత కనబడకపోతే ఆ పిల్లకే నష్టం. పేరాను 31వ పేజీ పక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చండి, ఆమె అననిది కొట్టేయండి.

రెండో బలం వేరే రకంది కావాలి

ఇంకో పద్యవ్యాఖ్యానం పెడితే మొదటిదే మళ్లీ చెప్పినట్టు ఉంటుంది. వాదనను ఎక్కడ ఆపాలో తెలియడం కూడా విశ్లేషణ బలమే, అది ఎం.ఏ. స్థాయిలో అరుదు. ఇదే పద్యంలో సైరంధ్రి ‘గంధర్వుల్’ అని భర్తలను దాస్తూనే ‘ఏవురు’ అని లెక్క బయటపెడుతుంది. దీన్ని తిక్కన చమత్కారంగా చెప్పేయడం ఎవరికైనా సులువు. ఈ అమ్మాయి సంస్కృత మూలం చూసింది. ఐదుగురు గంధర్వులు తన భర్తలన్న మాట అక్కడా ఉంది. కాబట్టి ఆ గొప్ప తిక్కనకు కట్టబెట్టకుండా, తెలుగు పద్యానికే సొంతమైన ప్రాస, పదాల వరుస మీదే తన వాదన నిలిపింది. లేఖలో దీన్ని నాలుగు వాక్యాల్లో, పేజీ సంఖ్యతో చెప్పండి.

మీ వాటా ఎంతో చెప్పండి

‘మూలంతో పోల్చమని సూచించింది నేను. ప్రాస గమనిక పూర్తిగా ఆమెదే, నాకు చూపించేదాకా నేనూ గమనించలేదు’ అని రాయవచ్చు, అది నిజమైతేనే. ఈ రెండు వాక్యాలు లేని లేఖ చదివేవారికి ‘ఇందులో గైడ్ చెయ్యి ఎంత?’ అన్న సందేహం ఉండిపోతుంది. అలాగే ఒక లోటు కూడా రాయండి: ‘చివరి అధ్యాయం ముందు చెప్పినదాన్నే తిరిగి చెబుతుంది, కొత్త వాదన లేదు.’ తామే పట్టుకోబోయే లోటును మీరే ముందు చెబితే, మిగతా మాటల మీదా సభ్యులకు నమ్మకం కుదురుతుంది. ఆ లోటు ప్రధాన వాదనను దెబ్బతీసేదైతే మాత్రం సిఫారసు చేయాలా అన్నదే మళ్లీ ఆలోచించుకోండి.

పోలిక చెప్పదలిస్తే ఎవరితోనో స్పష్టంగా చెప్పండి. ‘నా దగ్గర చేసిన ఎం.ఏ. వ్యాసాల్లో పద్యనిర్మాణాన్ని ఇంత దగ్గరగా చూసినది ఇదే’ అంటే దానికో హద్దు ఉంది, ‘రాష్ట్రంలోనే అరుదైనది’ అంటే లేదు. ఆమె రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చి చదివిందనో, ఇంటి పరిస్థితి బాగాలేదనో రాయాలని మనసు లాగుతుంది. బహుమతి నిబంధనల్లో ఆ ప్రస్తావన ఉంటే తప్ప వదిలేయండి. తోటి విద్యార్థుల కష్టాల గురించి కమిటీకి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

లేఖ రూపం

శాఖాధ్యక్షుల పేర రాయండి. తేదీ, విషయం, వ్యాసం పూర్తి శీర్షిక, విద్యార్థిని పేరు, రిజిస్టర్ నంబరు పైనే ఉండాలి. మొదటి వాక్యంలోనే ఏ బహుమతికి సిఫారసు చేస్తున్నారో చెప్పి, తర్వాత బలాలు రెండూ, మీ వాటా, లోటు రాయండి. చివర్లో బహుమతి నిబంధనల్లోని మాటనే వాడుతూ ఒక వాక్యం చాలు. ‘స్వతంత్ర పరిశీలన’ అని అక్కడ ఉంటే, మీరు చూపిన ప్రాస గమనికే ఆ స్వతంత్ర పరిశీలన అని నేరుగా కలపండి.

ఇచ్చే ముందు, వ్యాసం చదవని సహోద్యోగి ఒకరికి లేఖ చూపించి, ఆ అమ్మాయి ఏం కనిపెట్టిందో చెప్పమనండి. ‘పద్యాలు బాగా వివరించిందట’ అంటే మొదటి బలం పేరా తిరగరాయాలి. ‘పరాక్రమం భర్తలది అనుకుంటాం గానీ శత్రువుదట’ అంటే సంతకం పెట్టి, కవరు అంటించి, గడువు లోపల ఆఫీసులో ఇచ్చి, అందినట్టు మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.