దూర విమాన ప్రయాణానికి దుస్తులు – 3వ పాఠం: సాక్స్ కొలత

విమానంలో పాదాలు ఉబ్బకుండా కాలిని బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ సాక్స్ కొనమని పోయిన పాఠంలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఫిర్యాదు ఉంది. మోకాలి కింద కోసుకుపోతోంది, పాదం మాత్రం ఎప్పటిలాగే ఉబ్బుతోంది. అందుకే ఈసారి శాలువాల సంగతి చివరికి జరిపి, సాక్స్ దగ్గరే ఆగుదాం.

గంటల తరబడి కూర్చుంటే పిక్క కండరం కదలదు. రక్తాన్ని పైకి తోసేది ఆ కండరమే కాబట్టి, కింద నిలిచిన రక్తంలోని నీరు చుట్టూ కణజాలంలోకి ఊరి పాదం ఉబ్బుతుంది. ఈ సాక్స్ చీలమండ దగ్గర ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండేలా నేస్తారు. ఆ క్రమం తలకిందులైతే ఉన్న మేలు పోయి కీడు మొదలవుతుంది.

తలకిందులు చేసేది మనమే. సాక్స్ పొడవైతే పై అంచును రెండు మడతలు వేస్తాం. మడత పడినచోట రెండు పొరల బిగువు ఒకే చోట చేరి, మోకాలి కింద తాడు కట్టినట్టు నొక్కుతుంది. రక్తం అక్కడ ఆగి, కింద పాదం వాస్తుంది. పై అంచు దానంతట అదే చుట్టుకుని కిందికి జారినా ఇదే జరుగుతుంది. దయచేసి మడవకండి. మిగిలిన పొడవును అరచేతులతో చీలమండ వైపు సమంగా సర్దండి. పై అంచు మోకాలి మడతకు రెండు వేళ్ల కింద ఆగాలి. అప్పటికీ మిగిలితే అది మీ సైజు కాదు, మార్చుకోండి.

సైజును చెప్పుల నంబరుతో తేల్చకూడదు. చీలమండ ఎముకకు కాస్త పైన అతి సన్నని చోట ఒక కొలత, పిక్క అతి లావైన చోట ఒకటి, నేల నుంచి మోకాలి మడత దాకా ఒకటి తీసి, పెట్టె మీది పట్టికతో పోల్చుకోవాలి. కొలత ఉదయం మంచం దిగిన వెంటనే తీయాలి. చిత్తూరు నుంచి రాసిన ఒకామె తన తల్లికి సాయంత్రం వంట పని ముగిశాక కొలిచారు. చీలమండ 24 సెంటీమీటర్లు వచ్చింది, ఉదయం కొలిస్తే 22. సాయంత్రపు కొలతతో కొన్నవి చీలమండ దగ్గర వదులై, నిలువక జారి మోకాలి కింద చుట్టుకున్నాయి.

ఆ తల్లి చెన్నై నుంచి తెల్లవారుజామున బయలుదేరి, దోహాలో దిగి డాలస్ వెళ్లాలి. రెండో విమానమే దాదాపు పదహారు గంటలు. ఇంటి నుంచి రాత్రే కారెక్కుతారు కాబట్టి, వాపు విమానం కంటే ముందు కారులోనే మొదలవుతుంది. ఆమెకు నేను చెప్పింది ఇది: సాయంత్రం కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని గంటసేపు పడుకుని, నేల మీద కాలు మోపకముందే మంచం మీదే సాక్స్ తొడుక్కోవాలి. పట్టీలు తీసేయాలి. మెట్టెలు తీయడానికి మనసొప్పకపోతే వేళ్లు తెరిచి ఉండే రకం కొనాలి. మూసిన రకంలో మెట్టెలు వేలిని నొక్కుతాయి, నేతనూ చింపుతాయి.

ఆరోగ్యవంతులకు పెట్టె మీద ఒత్తిడి 15–20 ఎంఎంహెచ్‌జీ అని ఉన్నవి చాలు. ఇంకా బిగువైనవి వైద్యుడు చెబితేనే. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు, కాళ్ల ధమనుల్లో రక్తప్రవాహం తక్కువైనవారు, గతంలో సిరల్లో గడ్డ కట్టినవారు ఇవేవీ సొంతంగా కొనకూడదు.

ఇక దుస్తులు. కిటికీ పక్కన, తలుపుల దగ్గర పాదాలకు చలి ఎక్కువ తగులుతుంది. దానికి రెండో జత కంప్రెషన్ సాక్స్ వద్దు, వాటిపైన వదులైన నూలు మేజోళ్లు వేసుకోండి. నాకు నచ్చేది వదులు సల్వారు, పొడవు చేతుల పలుచని చొక్కా, దాని మీద ముందు తెరుచుకునే స్వెటరు, ఉన్ని శాలువా. చీరే కట్టుకునేవారు లంగా బొందును ఒక వేలు దూరేంత వదులుగా కట్టాలి. బిగుతు జీన్స్ గజ్జల దగ్గర నొక్కుతుంది, ఇంట్లో వదిలేయండి. బూట్లు లేసులున్నవైతే ఉబ్బినకొద్దీ వదులు చేసుకోవచ్చు.

అభ్యాసం: కొత్త సాక్స్‌తో తిరుపతి నుంచి చెన్నైకి ఒకసారి బస్సులో వెళ్లి రండి. దిగాక చూసుకోండి. లేత గీత పడితే ఫరవాలేదు. లోతైన గాడి పడినా, వేళ్లు తిమ్మిరెక్కినా, నీలం తిరిగినా వెంటనే తీసేసి, మళ్లీ ఉదయం కొలవండి. అసలు ప్రయాణం తర్వాత రెండు కాళ్లూ సమానంగా ఉబ్బితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుడితే ఆ రోజే వైద్యుణ్ని కలవండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.