కొత్త పనిముట్టు నేర్చుకోవడం, 3వ పాఠం: ఎంటర్ నొక్కేముందు జవాబు రాయండి

పోయిన పాఠంలో, చదివినదాన్ని పుస్తకం మూసేసి గుర్తు తెచ్చుకోవడం సాధన చేశాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చాలావరకు అది సరిపోతుంది. పదేళ్లుగా ఒక పనిముట్టుతో పనిచేసి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చినదానికి మారేవాళ్లకు మాత్రం ఇంకో ఇబ్బంది ఉంటుంది. చేతికి పట్టిన పాత అలవాటు కొత్తదాంట్లో తప్పు చేయిస్తుంది, ఆ తప్పు పైకి కనిపించదు. దాన్ని పట్టుకోవడమే ఈ పాఠం.

ఉదాహరణకు ఎక్సెల్ తీసుకుందాం. అకౌంట్స్‌లో, స్టోర్స్‌లో పనిచేసేవాళ్లలో చాలామందికి, పట్టికలో ఒక కోడ్‌ను వెతికి దాని పక్కనున్న విలువ తెచ్చే VLOOKUP ఫార్ములా కంఠతా వచ్చు. ఎక్సెల్ 2021 నుంచి అదే పనికి XLOOKUP కూడా ఉంది. వీడియో చూస్తే పది నిమిషాల్లో అర్థమైపోయినట్టే ఉంటుంది. అర్థమైందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పట్టిక వేయండి. A2 నుంచి A5 వరకు వస్తువుల కోడ్‌లు 101, 102, 104, 105. పక్కన B గడుల్లో ధరలు 40, 55, 70, 90. 103ని కావాలనే వదిలేశాం. ఆఫీసు ఫైల్‌తో మాత్రం ఈ సాధన చేయకండి. వేల వరుసల్లో ఏది తప్పో కంటికి ఆనదు.

ఇప్పుడు నోటుబుక్‌లో మూడు గళ్లు గీయండి: ఫార్ములా, నా ఊహ, వచ్చిన జవాబు. కింది మూడింటికీ ముందు మీ ఊహ పెన్నుతో రాయండి. మనసులో అనుకుంటే చాలదు. జవాబు కనిపించగానే 'నేనూ అదే అనుకున్నా' అనిపిస్తుంది, అక్కడితో నేర్చుకునే అవకాశం పోతుంది.

```
=VLOOKUP(103,A2:B5,2)
=XLOOKUP(103,A2:A5,B2:B5)
=XLOOKUP(103,A2:A5,B2:B5,0)
```

రాశాక ఎంటర్ నొక్కండి. మొదటిదానికి 55 వస్తుంది. నాలుగో విలువ ఇవ్వకపోతే VLOOKUP అంతకన్నా చిన్నవాటిలో దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది కాబట్టి 103 లేకపోయినా 102 ధర తెచ్చి చూపించింది. రెండోదానికి దొరకలేదని చెప్పే #N/A వస్తుంది. ఏమీ చెప్పకపోయినా XLOOKUP అచ్చంగా అదే కోడ్ కోసం చూస్తుంది.

మూడోదాని దగ్గరే అనుభవం ఉన్నవాళ్లు బోల్తా పడతారు. VLOOKUPలో నాలుగో స్థానంలో 0 పెడితే 'అచ్చంగా ఇదే కావాలి' అని అర్థం. ఏళ్ల తరబడి అలా రాసి రాసి వేళ్లకు అదే వచ్చేస్తుంది. XLOOKUPలో నాలుగో స్థానం 'దొరకకపోతే ఏం చూపించాలి' అనేదానికి. అందుకే జవాబు 0. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. 103 సరుకు పది పీసులున్నా దాని విలువ సున్నా కింద లెక్కకొచ్చి, మొత్తం తగ్గిపోతుంది. నేను ఒక స్టాక్ లెక్కలో సరిగ్గా ఇదే చేశాను. గోడౌన్ లెక్కతో పోల్చేదాకా తెలియలేదు. VLOOKUP తెలియనివాళ్లు ఈ తప్పు చేయరు, ఆ 0 పెట్టాలన్న ఆలోచనే వాళ్లకు రాదు.

ఊహ తప్పిన ప్రతి చోటా పక్కనే ఒక్క వాక్యం రాయండి: 'పాతదాంట్లో అలా, కొత్తదాంట్లో ఇలా.' ఊహ నిజమైనచోట ఏమీ రాయక్కర్లేదు, అక్కడ మీ పాత అనుభవం అలాగే పనికొస్తోంది. మూడు రోజులు ఆగి, ఆ వాక్యాలు చూడకుండా అవే ఫార్ములాలకు మళ్లీ ఊహ రాయండి. అదే రోజు చేస్తే అన్నీ ఒప్పే వస్తాయి, దాన్నిబట్టి ఏమీ తెలియదు. మూడు రోజుల తర్వాత కూడా తప్పినవే ఇంకా వేళ్లలో ఉన్న పాత అలవాట్లు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మీరు అడగని ప్రశ్నను ఇది మీకు చూపించదు. అందుకని పనిముట్టు పేరు పక్కనపెట్టి, ఆ పని ఏమిటో చూసి ప్రశ్నలు తయారుచేసుకోవాలి. ఒక పట్టికలో వెతికి ఇంకోదానికి తెచ్చే పని ఏ పనిముట్టుతో చేసినా నాలుగు విషయాలు తేలాలి: దేన్నిబట్టి వెతకాలి, ఏది తేవాలి, దొరకకపోతే ఏమవుతుంది, రెండు దొరికితే ఏమవుతుంది. XLOOKUP పోయి రేపు ఇంకోటి వచ్చినా ఈ నాలుగూ ఉంటాయి. మూడోదాన్ని ఇవాళ చూశాం.

నాలుగోది మీకు అభ్యాసం. పట్టికలో 102ని రెండుసార్లు రాయండి, ఒకచోట ధర 55, ఇంకోచోట 60. VLOOKUP, XLOOKUP ఏం తెస్తాయో ఊహించి రాయండి. తర్వాత వెతకాల్సిన కోడ్‌లతో ఇంకో చిన్న పట్టిక వేసి, ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో ఈ రెండు పట్టికలను Mergeతో కలిపి, విస్తరించాక ఎన్ని వరుసలు వస్తాయో కూడా ముందే రాసి, అప్పుడే నొక్కండి. వరుసల సంఖ్య మీ ఊహకు మించి ఉంటే మొత్తం ఎంత పెరిగిందో కూడా పక్కన వేసుకోండి. 4వ పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.