మిద్దె తోటకు మట్టి ఎన్ని ఘనపుటడుగులు? వానలు పడకముందే చూసుకోవాల్సినవి

మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాయంటే కడపలో మిద్దె తోట ఉన్నవాళ్లందరికీ ఒకేసారి హడావిడి మొదలవుతుంది. ఎర్రమట్టి, ఎరువు, కోకోపీట్ అన్నీ ఒక్కరోజే కావాలి. ఆ తొందరలో మట్టిని కళ్లతో చూసి అంచనా వేస్తారు. తక్కువైతే ఇంకోసారి తెప్పించుకుంటే సరిపోతుంది. ఎక్కువైతేనే ప్రమాదం. మిగిలిన మట్టి కుప్పగా మిద్దె మీదే ఉండిపోతుంది, దాని మీద వాన పడుతుంది, బరువంతా శ్లాబు మోయాలి. అందుకే రోహిణి ఎండలు ఉండగానే ఓ సాయంత్రం టేపు పట్టుకుని పైకి వెళ్లి, ప్రతి కుండీనీ కొలిచి రాసుకోండి.

లెక్క కష్టమేమీ కాదు. కొలతలన్నీ అంగుళాల్లో తీసుకుని, వచ్చినదాన్ని 1728తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. పొడుగు తొట్టికి పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే చాలు. గుండ్రటి కుండీకైతే వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, దాన్ని లోతుతోనూ 0.785తోనూ గుణించాలి. పొరపాట్లు జరిగేది గుణకారంలో కాదు, టేపు ఎక్కడ పెట్టామన్న దాంట్లో.

పిట్టగోడ వెంబడి పెట్టిన ఒక వరస తీసుకుందాం. రెండు సిమెంటు తొట్లు, నాలుగు మట్టి కుండీలు, మూడు గ్రోబ్యాగులు, పొడవునా చీల్చిన ప్లాస్టిక్ డ్రమ్ము సగం ఒకటి.

సిమెంటు తొట్టిని బయట నుంచి కొలిస్తే పొడవు 36, వెడల్పు 12, ఎత్తు 12 అంగుళాలు. లెక్క కడితే సరిగ్గా 3 ఘనపుటడుగులు. కానీ గోడలు, అడుగు అంగుళం మందం ఉంటాయి కాబట్టి లోపల పొడవు 34, వెడల్పు 10, లోతు 11 మాత్రమే. నీళ్లు పొర్లకుండా పైన రెండు అంగుళాలు వదలాలి, అంటే మట్టి నిండేది 9 అంగుళాలు. ఇప్పుడు చూస్తే 1.77 ఘనపుటడుగులే. బయట కొలత నమ్మితే ఒక్కో తొట్టికి ఘనపుటడుగుకు పైగా మట్టి అదనంగా తెప్పించినట్టే. రెండింటికీ కలిపి 3.5 అనుకోండి.

మట్టి కుండీ పైన 14 అంగుళాలు, అడుగున 10. పైమూతి కొలత ఒక్కటే వేస్తే 1.07 వస్తుంది, అది తప్పు. రెండింటి సగటు 12 తీసుకోండి. మట్టి లోతు 12 అంగుళాలైతే 0.79 వస్తుంది. నాలుగింటికి సుమారు 3.2. అంచుకు కాకుండా లోపలి వ్యాసానికే టేపు పట్టండి.

గ్రోబ్యాగు మీద 15, 12 అని ఉంటే సాధారణంగా మొదటిది వ్యాసం, రెండోది ఎత్తు. చాలామంది 15ను 15తో, 12తో గుణించి పెట్టెలా లెక్కేస్తారు. అలాగైతే 1.56 వస్తుంది. గుండ్రంగా లెక్కేసి, పైన రెండు అంగుళాలు వదిలితే ఒక్కోదానికి 1.02 చాలు. మూడింటికి 3.1.

డ్రమ్ము సగం విషయంలో నేను మరీ జాగ్రత్త చెబుతాను. లోపలి వ్యాసం 22, పొడవు 34 ఉన్న డ్రమ్ము మొత్తం లెక్క కట్టి సగం చేస్తే 3.7 అవుతుంది. అయితే దాని అడుగు ఇరుకు, పైన వెడల్పు. పైన వదిలే రెండు అంగుళాలే దాదాపు 0.86 ఘనపుటడుగులు, అంటే మొత్తంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. మిగతా కుండీల్లో ఇంతకన్నా తక్కువ తేడా తెచ్చే రెండు అంగుళాలు ఇక్కడ అంత మట్టి తగ్గిస్తాయి. అందుకని దీనికి 2.9 రాసుకోవాలి.

మొత్తం కలిపితే 12.7. ఇది కుండీల్లో కుదురుకున్నాక ఉండాల్సిన మట్టి. పోసేటప్పుడు మిశ్రమం పొలపొలగా ఉంటుంది, నాలుగైదు తడులు పెట్టాక దిగుతుంది. దానికి 15 శాతం కలుపుకుంటే 14.6. ఇంకోటి, కలిపినప్పుడే కొంత తగ్గుతుంది. ఎర్రమట్టి, ఎరువు మెత్తటి రేణువులు కోకోపీట్ సందుల్లోకి దూరిపోతాయి, కాబట్టి మూడు బకెట్లు కలిపితే మూడు బకెట్లు రావు. ఆ తరుగుకు విడివిడిగా 16.5 ఘనపుటడుగులు తెచ్చుకుంటే సరిపోతుంది. మూడూ సమానంగా కలిపేవాళ్లకు ఒక్కోటి 5.5.

కొనేటప్పుడు కొలమానం మారిపోతుంది, అక్కడ చూసుకోండి. కోకోపీట్ 5 కిలోల దిమ్మె నీళ్లు తాగాక సుమారు 70 లీటర్లు, అంటే రెండున్నర ఘనపుటడుగుల దాకా ఉబ్బుతుంది. రెండు దిమ్మెలు తీసుకుంటే 5.5కు కాస్త తక్కువైనా సరిపోతుంది. ఎరువు కిలోల్లో అమ్ముతారు. ఖాళీ 20 లీటర్ల పెయింటు బకెట్ నిండా పోసి తూచండి. బకెట్ బరువు తీసేసి 12 కిలోలు తూగితే, 50 కిలోల బస్తా 83 లీటర్లు, అంటే సుమారు 2.9 ఘనపుటడుగులు. మట్టిని కూడా ఇదే బకెట్‌తో కొలుచుకోండి. పది బకెట్లు ఏడు ఘనపుటడుగులు.

ఇక బరువు. ఈ మిశ్రమం బాగా తడిస్తే ఘనపుటడుగు 35 కిలోల దాకా తూగుతుంది. ఉత్త ఎర్రమట్టైతే 50 కిలోలు దాటుతుంది. 12.7కు మొదటిది 450 కిలోల లోపు, రెండోది 630కి పైమాటే. కుండీల బరువు ఇందులో లేదు. మనం కొలిచిన సిమెంటు తొట్టి ఖాళీగానే 55 కిలోలకు పైన ఉంటుంది, నిండి తడిస్తే 120 కిలోల దరిదాపు. అది నిలబడేది మూడు చదరపు అడుగుల మీద, అంటే అడుగుకు 40 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు అడుగుకు సగటున 14 కిలోలే. అందుకే వరస ఎప్పుడూ కింద గోడో, దూలమో ఉన్నచోటే రావాలి, గది నడిమధ్యకు రాకూడదు. దూలాల మీద కడప బండలు పరిచి కట్టిన పాత మిద్దెలైతే సిమెంటు తొట్లు వద్దే వద్దు. బండ వంగి హెచ్చరించదు, పగిలితే ఒక్కసారే పగులుతుంది. అలాంటి ఇంటికి ముందు తెలిసిన ఇంజనీరుకు చూపించండి.

కలపడం కూడా మిద్దె మీద వద్దు. 16 ఘనపుటడుగులు ఒకేచోట కుప్ప పోస్తే పూర్తయిన తోటకన్నా ఆ కుప్పే ఎక్కువ ప్రమాదం, పైగా సాయంత్రం గాలివాన వస్తే మట్టి కొట్టుకుపోయి నీళ్లు పోయే గొట్టం పూడిపోతుంది. గొట్టం పూడితే శ్లాబు మీద నీళ్లు నిలిచి మరింత బరువు పడుతుంది. కింద వాకిట్లోనే కలిపి, ఒక్కో కుండీకి రాసుకున్నంతే బకెట్లతో పైకి మోసుకెళ్లండి. బకెట్ నిండా కాకుండా ముప్పాతిక వంతు పోసుకుంటే మెట్లు ఎక్కేటప్పుడు నడుం పట్టదు.

దిగుడుకు కలుపుకున్న రెండు ఘనపుటడుగుల్ని మొదటే పోసి చేత్తో అదమకండి. అదిమితే గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. వాటిని సంచిలో కట్టి మెట్ల కింద నీడలో ఉంచండి. పది రోజులు నీళ్లు పెట్టాక మట్టి ఎక్కడ ఎంత దిగిందో గీత కనబడుతుంది, అక్కడ అంతే పోయండి. వంకాయ, మిరప నారు అప్పటికే నాటి ఉంటే కాండం మీదికి ఎక్కించకుండా చుట్టూ అంచుల వెంబడి సర్దండి. టమాటాకైతే కాండం కొంచెం కప్పినా ఫర్వాలేదు, అక్కడా వేళ్లు వేస్తుంది.