షెడ్యూలును పట్టికగా మార్చడం – 3వ పాఠం: ఏ పని దేని మీద ఆధారపడింది?

గత పాఠంలో వాక్యాలను విడగొట్టి పనుల జాబితా రాసుకున్నాం. ఇప్పుడు ఆ జాబితాకు తేదీలు, ఆధారాలు చేర్చాలి. ఒక ఇంటి స్లాబు పని గురించి మేస్త్రి ఇలా సందేశం పెట్టాడనుకుందాం. సంవత్సరం 2026, నెల జనవరి.

"5వ తేదీ సోమవారం సెంట్రింగ్ మొదలు, ఆరు రోజులు పడుతుంది. మొదలెట్టిన మూడు రోజులకి ఓ పక్క నుంచి స్టీలు కట్టుకుంటూ వస్తాం, నాలుగు రోజులు. తర్వాత కరెంటు పైపులు ఒక రోజు, మర్నాడు స్లాబు. స్లాబుకి 14 రోజులు నీళ్లు పెట్టాలి. పోసిన 14 రోజులకి సెంట్రింగ్ విప్పుతాం, రెండు రోజుల పని. తర్వాత లోపల ప్లాస్టరింగ్ పది రోజులు. ఆలోపు కిటికీలు బిగించేయాలి, రెండు రోజులు. ఆదివారాలు, పండక్కి 14, 15, 16 పని లేదు."

ఇందులో కచ్చితమైన తేదీ ఉన్న పని ఒక్కటే, సెంట్రింగ్. మిగతావన్నీ వేరే పనిని పట్టుకుని వేలాడుతున్నాయి. అందుకే తేదీల గడులు ముందు నింపకండి. మొదట ఆధారం గడి నింపితే తేదీలు లెక్కలోంచి వాటంతటవే వస్తాయి.

ఆధారం రాసేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఏ పని మీద ఆధారపడింది, ఆ పని మొదలు మీదా ముగింపు మీదా? స్టీలు సంగతే చూడండి. "మొదలెట్టిన మూడు రోజులకి" అన్నాడు కాబట్టి అది సెంట్రింగ్ ముగింపు కోసం ఆగదు. దాన్ని "1 మొదలు + 3" అని రాస్తాం. ఇక్కడ అలవాటుగా "1 ముగింపు" అని రాసేస్తే స్టీలు 8న కాకుండా 12న మొదలవుతుంది, స్లాబు 21కి జారిపోతుంది.

తర్వాతి చిక్కు 14 రోజుల దగ్గర. సందేశంలో 14 రెండుసార్లు వచ్చింది, నీళ్లు పెట్టడానికీ అంటే క్యూరింగ్‌కీ, సెంట్రింగ్ విప్పడానికీ. క్యూరింగ్ అయ్యాకే విప్పుతారని అనిపిస్తుంది, వాక్యాలు కూడా అదే వరసలో ఉన్నాయి. కానీ మేస్త్రి అన్నది "పోసిన 14 రోజులకి". అంటే విప్పడం ఆధారపడింది స్లాబు మీద, క్యూరింగ్ మీద కాదు. భారత ప్రమాణం ఐఎస్ 456 కూడా ఈ గడువును స్లాబు స్పాన్‌తోనే, అంటే స్లాబు ఆనే గోడలు లేదా దూలాల మధ్య దూరంతోనే ముడిపెడుతుంది. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడినప్పుడు స్పాన్ 4.5 మీటర్లు దాటితే కింది పోట్లు 14 రోజులు ఉంచాలి, అంతకు లోపైతే 7 రోజులు చాలు. క్యూరింగ్‌కు ఆ ప్రమాణం వేరే లెక్క చెబుతుంది. రేపు ఎవరైనా క్యూరింగ్‌ను 21 రోజులకు పెంచితే విప్పే తేదీ కదలకూడదు. తప్పు ఆధారం రాసి ఉంటే కదులుతుంది. పైపైన చూస్తే పట్టిక సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు త్వరగా దొరకదు.

ఇక "ఆలోపు కిటికీలు". ఈ వాక్యంలో ఆధారం తలకిందులుగా ఉంది. కిటికీలు ప్లాస్టరింగ్ మీద ఆధారపడలేదు, ప్లాస్టరింగే కిటికీల మీద ఆధారపడింది. కాబట్టి కిటికీల సంఖ్యను ప్లాస్టరింగ్ వరసలోని ఆధారం గడిలో చేర్చాలి. కిటికీలు ఎప్పుడు మొదలవుతాయో సందేశంలో లేదు. ఊహించి రాయకుండా అడగండి. కార్పెంటరు 29న వస్తాడని జవాబు వచ్చిందనుకుందాం.

షీటు 1వ వరసలో శీర్షికలు ఉంటాయి, పనులు 2వ వరస నుంచి మొదలవుతాయి. A సంఖ్య, B పని, C రోజులు, D మొదలు, E ముగింపు, F ఆధారం. సెలవుల మూడు తేదీలు H2 నుంచి H4 వరకు. నింపాక ఇలా రావాలి:

| సంఖ్య | పని | రోజులు | మొదలు | ముగింపు | ఆధారం |
|---|---|---|---|---|---|
| 1 | సెంట్రింగ్ | 6 | జనవరి 5 | జనవరి 10 | – |
| 2 | స్టీలు కట్టడం | 4 | జనవరి 8 | జనవరి 12 | 1 మొదలు + 3 |
| 3 | కరెంటు పైపులు | 1 | జనవరి 13 | జనవరి 13 | 2 ముగింపు |
| 4 | స్లాబు పోయడం | 1 | జనవరి 17 | జనవరి 17 | 3 ముగింపు |
| 5 | క్యూరింగ్ | 14 | జనవరి 18 | జనవరి 31 | 4 ముగింపు |
| 6 | సెంట్రింగ్ విప్పడం | 2 | జనవరి 31 | ఫిబ్రవరి 2 | 4 ముగింపు + 14 |
| 7 | కిటికీలు బిగించడం | 2 | జనవరి 29 | జనవరి 30 | – |
| 8 | లోపలి ప్లాస్టరింగ్ | 10 | ఫిబ్రవరి 3 | ఫిబ్రవరి 13 | 6, 7 ముగింపు |

మేస్త్రి "మర్నాడు స్లాబు" అన్నా, 13 తర్వాత పని జరిగే రోజు 17. సెలవుల జాబితా ఇవ్వకపోతే షీటు భోగి రోజున స్లాబు పోయించేస్తుంది.

పని రోజులు లెక్కపెట్టే ఫార్ములా ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఒకటే. 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు. సెంట్రింగ్ ముగింపు, స్టీలు మొదలు, పైపుల మొదలు వరసగా ఇవి:

```
E2: =WORKDAY.INTL(D2-1, C2, 11, $H$2:$H$4)
D3: =WORKDAY.INTL(D2, 3, 11, $H$2:$H$4)
D4: =WORKDAY.INTL(E3, 1, 11, $H$2:$H$4)
```

మొదటిదాంట్లో ఒకటి తీసేయడం ఎందుకంటే, ఈ ఫార్ములా మొదలైన రోజును లెక్కలోకి తీసుకోదు. తీసేయకపోతే ప్రతి పనీ ఒక రోజు ఎక్కువ పడుతుంది.

క్యూరింగ్‌కు ఈ ఫార్ములా పనికిరాదు. కాంక్రీటుకు ఆదివారం ఉండదు, నీళ్లు రోజూ పెట్టాల్సిందే. దానికి మామూలు కూడికే వాడండి, లేకపోతే ముగింపు జనవరి 31 బదులు ఫిబ్రవరి 3 అని వస్తుంది. విప్పడానికి రెండూ కలుస్తాయి: 14 రోజులు క్యాలెండరు ప్రకారం, ఆ రోజు సెలవైతే తర్వాతి పని రోజు.

```
D6: =E5+1
E6: =D6+C6-1
D7: =WORKDAY.INTL(E5+13, 1, 11, $H$2:$H$4)
D9: =WORKDAY.INTL(MAX(E7,E8), 1, 11, $H$2:$H$4)
```

చివరిదాంట్లో MAX రెండు ముగింపుల్లో ఆలస్యమైనదాన్ని తీసుకుంటుంది. దీని దగ్గర జాగ్రత్త. కిటికీల ముగింపు గడి ఖాళీగా ఉన్నా, అందులోది తేదీ కాకుండా అక్షరాలుగా పడినా MAX దాన్ని నోరెత్తకుండా వదిలేస్తుంది. కిటికీలు లేనట్టే ప్లాస్టరింగ్ తేదీ వచ్చేస్తుంది. తేదీని 2026-01-29 అని టైపు చేయండి. గడిలో కుడివైపుకు జరిగితే తేదీగా తీసుకున్నట్టు, ఎడమవైపే ఉండిపోతే అక్షరాలు. 5/1/2026 అని కొడితే అమెరికా సెట్టింగులున్న షీటు దాన్ని మే 1 అనుకుంటుంది.

జనవరి 26 సందేశంలో లేదు. ఇక్కడ ఆ రోజు క్యూరింగ్ మధ్యలో పడింది కాబట్టి తేడా రాలేదు, అయినా అడిగి సెలవుల్లో చేర్చుకుంటే మంచిది.

అభ్యాసం. స్టీలు రోజులను 4 నుంచి 5కి మార్చండి, మరే గడీ ముట్టుకోవద్దు. పైపులు 17కి, స్లాబు 19కి, క్యూరింగ్ ముగింపు ఫిబ్రవరి 2కి, ప్లాస్టరింగ్ ముగింపు ఫిబ్రవరి 14కి జరగాలి. సెంట్రింగ్, కిటికీల వరసలు కదలకూడదు. ఏదైనా తేదీ మారకుండా ఉండిపోయిందంటే ఆ గడిలో ఫార్ములా బదులు చేత్తో కొట్టిన తేదీ ఉంది.

4వ పాఠం: ఒకే మేస్త్రి ముఠా రెండు పనుల్లో ఉన్నప్పుడు.