ఈఆర్‌పీలో ఖాతా మార్చేదీ, డబ్బు పంపేదీ ఒక్కరేనా? ఎలా తేల్చాలి

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి సీజన్‌లో రైతులే సప్లయర్లు. వందల పేర్లు, వందల ఖాతాలు. రైతు ఖాతా నంబరు మార్చే హక్కు, చెల్లింపు నడిపే హక్కు ఒకే మనిషి దగ్గరుంటే డబ్బు వేరే ఖాతాకు పంపి, మర్నాడు పాత నంబరు పెట్టేయవచ్చు. అందుకే పనుల విభజన ఆడిట్‌లో నేను ముందు ఈ జతనే చూస్తాను.

పాత ఎస్ఏపీ ఈసీసీలో ఖాతా మార్చేది FK02, చెల్లింపు నడిపేది F110. (ఎస్/4 హనాలో సప్లయర్ వివరాలు BP లో ఉంటాయి.) యూజర్ల హక్కులు వెతికే SUIM లో ఈ రెండూ ఉన్న యూజర్ల జాబితా తీయండి. రోల్ ఒక్కొక్కటిగా చూస్తే తప్పు కనబడదు. ఒకే యూజర్‌కు రెండు రోల్స్ కలిసినప్పుడే చిక్కు.

జాబితాలో ఉన్నవాళ్లందరినీ తప్పుపట్టకండి. సప్లయర్ సాధారణ వివరాల అనుమతి F_LFA1_GEN లో ACTVT 03 మాత్రమే ఉంటే చూడగలరు కానీ మార్చలేరు. 02 ఉన్నవాళ్లే మన లెక్కలోకి వస్తారు.

తర్వాత ఆ హక్కు వాడారా అన్నది చూడాలి. అసలు పని ఇక్కడే ఉంది. మార్పుల లాగ్ ఉండే రెండు టేబుళ్లలో ఇలా వెతకండి:

```
CDHDR: OBJECTCLAS = KRED
CDPOS: TABNAME = LFBK
```

సప్లయర్ల బ్యాంకు వివరాల టేబుల్ LFBK లో ఖాతా నంబరు కీలో భాగం. కాబట్టి మార్పు సాధారణంగా పాత వరుస తీసివేతగా, కొత్త వరుస చేర్పుగా నమోదవుతుంది. మార్పు రకం చెప్పే CHNGIND లో U ఒక్కటే, అంటే సవరణలే, వెతికితే ఈ మార్పు దొరకదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. దొరికిన ప్రతి మార్పు తేదీ పక్కన, చెల్లింపు రన్ వివరాలుండే REGUH టేబుల్‌లో ఆ రైతుకు వెళ్లిన చెల్లింపును, ఖాతా నంబరును పెట్టి చూడండి. మార్చి, చెల్లించి, మళ్లీ పాతది పెట్టి ఉంటే ఆగి అడగాలి. రైతుకు ఫోన్ చేసేటప్పుడు రికార్డులో కొత్తగా ఎక్కిన నంబరుకు కాదు, తొలి దరఖాస్తులో ఉన్న నంబరుకు చేయండి.

ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ అమ్మాయికి ఈ రెండు హక్కులూ ఉన్నాయి. అడిగితే, "జూన్‌లో లోడ్లు ఎక్కువని ఇచ్చారు సార్, తర్వాత ఎవరూ తీయలేదు" అంది. ఆమె ఒక్క ఖాతా కూడా మార్చలేదు. లాగ్ ఆమెకు సాక్ష్యంగా నిలిచింది. సీజన్ రోల్ ఇచ్చేటప్పుడే దానికి ముగింపు తేదీ పెట్టమని రాశాం.

ఆఫీసులో ఇద్దరే ఉంటే విడదీయడం కుదరకపోవచ్చు. అప్పుడు చెల్లింపు రన్‌కు ముందే ఖాతా మార్పుల జాబితా మేనేజర్ చూసి సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే మాత్రం ఈ లాగ్ ఎవరు చేశారో చెప్పలేదు. ముందు అది ఆపించండి.

రోల్ తీశాక SUIM మళ్లీ నడపండి. మేం నడిపితే ఆమె పేరు ఇంకా వచ్చింది. FK02 ఇంకో పాత రోల్‌లో కూడా ఉంది.