మీటింగ్ సారాంశంలో "చూద్దాం" కాస్తా "ఒప్పుకున్నారు" కాకుండా

మీటింగ్ రికార్డింగ్‌ను అక్షరాల్లోకి మార్చాక సారాంశం రెండు రకాలుగా తీయొచ్చు. అందులోని వాక్యాలనే ఏరి పెడితే ఎక్స్‌ట్రాక్టివ్, విషయాన్ని కొత్త మాటల్లో చెబితే అబ్‌స్ట్రాక్టివ్. చదవడానికి రెండోదే హాయి. చిక్కు కూడా అక్కడే.

మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లిఫ్ట్ రిపేరు కాంట్రాక్టర్ అన్నది ఇది: "చూద్దాం సార్, మోటారు దొరికితే పదిహేనుకల్లా అయిపోవచ్చు." సారాంశంలో అది "15వ తేదీకి పూర్తి చేస్తానని ఒప్పుకున్నారు" అయింది. మోటారు షరతు పోయింది, "అయిపోవచ్చు" కాస్తా "చేస్తాను" అయింది. 16న గొడవ. మన "చూద్దాం" సగం సార్లు మర్యాదగా చెప్పే "కాదు" అని వేరే చెప్పాలా!

అందుకే చర్చ ఎలా సాగిందో సొంత మాటల్లో రాసుకున్నా, డబ్బు, తేదీ, హామీ, షరతు, "కాదు", "లేదు" ఉన్న వాక్యాలను మాత్రం ఉన్నదున్నట్టు కోట్‌లో పెట్టి, పక్కన రికార్డింగ్ సమయం వేయండి. ఉదాహరణకు 00:23:40.

కోట్ చేసేముందు ఆ పది సెకన్లు వినండి. ఆడియో సరిగ్గా లేకపోతే పదిహేను, పదిహేడు తారుమారవుతాయి. తప్పు అంకెకు కోట్ పెడితే అది ఇంకా నిజంలా కనిపిస్తుంది. "సరే, అలాగే కానివ్వండి" లాంటి జవాబైతే దాని ముందున్న ప్రశ్నను కూడా కలిపే తీసుకోండి. లేకపోతే దేనికి సరే అన్నారో ఎవరికీ తెలియదు.