పాత దస్తావేజు ఫోటోలు టైప్ చేసేముందు ఇది చూస్కోండి

మధురవాడలో మా పెదనాన్న స్థలం దస్తావేజు 11 ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు, నేను వచ్చిన వరసలోనే టైప్ చేసేసా, తీరా చూస్తే హద్దుల మధ్యలో సాక్షుల సంతకాలొచ్చాయి 😅

ఫోటోల వరస నమ్మకండి. రిజిస్టర్ అయిన దస్తావేజు కాగితాల మీద ఆఫీసువాళ్ళు "ఈ కాగితపు వరుస సంఖ్య" అని వేస్తారు, అది చూసి ఫైళ్ళకి 01, 02 అని పేర్లు పెట్టండి (ఉత్త 1, 2 అంటే కొన్ని ఫోన్లలో 1 తర్వాత 10 వచ్చేస్తది), వెనకవైపు ముద్రలుంటే 01వెనక అనండి. నంబరు చెరిగిపోతే పేజీ ఆఖరి మాట, తర్వాత పేజీ మొదటి మాట కలిపి చదవండి, "తూర్పు: రామాలయం" అని ఆగితే పక్కది "వీధి" అనే మొదలవ్వాలి.

స్థలం వివరాలుండే షెడ్యూలు రెండు ఫోటోల్లోకి వెళ్తే హెడ్డింగ్ ఒక్కసారే, రెండోదాన్లో మళ్ళీ కొత్తది పెట్టకండి.

ఇంక మాటలు, నేనైతే మొదటి పేజీలోనే ఒక చీటీ రాస్కుంటా: క్రయదారు, విక్రయదారు, గజాలు. చివరిదాకా అవే మాటలు వాడతా, లేకపోతే మూడో పేజీకొచ్చేసరికి క్రయదారు కాస్తా "కొనుగోలుదారు" అయిపోతాడు, ఇద్దరు వేరే మనుషులేమో అనుకుంటారు చదివేవాళ్ళు. ఒరిజినల్‌లోనే రెండు రకాలుగా ఉంటే మాత్రం ముట్టుకోకండి, ఉన్నదున్నట్టే దించండి.